న్యూజెర్సీలో లేఆఫ్: సెవరెన్స్ కాగితం మీద సంతకం పెట్టే ముందు ఆ 12 వారాల లెక్క చూసుకోండి

ప్రశ్న: న్యూజెర్సీలో హెచ్-1బీ మీద ఒకే కంపెనీలో 8 ఏళ్ళు పూర్తయ్యాయి, వయసు 43. మొన్న మా ఆఫీసులో 70 మందికి పైగా లేఆఫ్ చేశారు, నాకు ఈ నెలాఖరే చివరి రోజు. 12 వారాల జీతం ఇస్తామని, రిలీజ్ మీద సంతకం పెట్టి పంపమని మెయిల్ వచ్చింది. త్వరగా పెడితే డబ్బు త్వరగా వస్తుందని హెచ్‌ఆర్ అంటోంది. పెట్టేయాలా?

జవాబు:

ఇప్పుడే పెట్టకండి. ఈ మాట ఊరికే జాగ్రత్త కోసం అనడం లేదు, మీరు చెప్పిన అంకెలు చూస్తే వాళ్ళు ఇస్తామంటున్న డబ్బు మొత్తం సంతకంతో సంబంధం లేకుండానే మీకు రావాల్సింది కావచ్చు. నేనూ 2024లో ఇదే రాష్ట్రంలో, హెచ్-1బీ మీదే ఉండగా లేఆఫ్ అయ్యాను, అప్పటికి నాకు 46. లాయర్‌తో కూర్చుని కాగితం మొత్తం చదివించుకున్నాను కాబట్టి వివరంగా రాస్తున్నాను.

రిలీజ్ అంటే ఏమిటో ముందు సూటిగా చెప్తాను. సంతకం పెట్టే రోజు దాకా కంపెనీ మీద మీకు ఏ ఫిర్యాదు ఉన్నా, మీకు తెలిసినదైనా తెలియనిదైనా, వయసు వల్ల తీసేశారన్నా, పుట్టిన దేశం వల్ల అన్నా, రావాల్సిన బోనస్ ఎగ్గొట్టారన్నా, వాటి మీద కోర్టుకు వెళ్ళే హక్కును మీరు డబ్బుకు అమ్ముతున్నారు. అమ్మకం చెల్లాలంటే వాళ్ళు మీకు కొత్తగా ఏదో ఇవ్వాలి. ఎలాగూ ఇవ్వాల్సినదాన్నే చేతిలో పెట్టి దానికి బదులుగా హక్కులు రాయించుకుంటే అది చెల్లదు. పనిచేసిన రోజుల జీతం, మీ పేరు మీద వెస్ట్ అయిన 401(k) డబ్బు, సొంత ఖర్చుతో కోబ్రా కింద ఇన్సూరెన్స్ కొనసాగించుకునే హక్కు, ఇవన్నీ సంతకం పెట్టకపోయినా మీవే. ఆఫర్ లెటర్‌లో వీటిని కూడా "మీకు అందే ప్రయోజనాలు" అని వరసగా పేర్చి రాస్తారు, చూడటానికి ప్యాకేజీ పెద్దగా కనిపిస్తుంది.

ఇక న్యూజెర్సీ సంగతి. ఇక్కడి వార్న్ చట్టం 2023 ఏప్రిల్ 10 నుంచి మారింది, చాలామంది మనవాళ్ళకి ఇది తెలియదు. మొత్తం మీద 100 మంది, అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న కంపెనీ ఈ రాష్ట్రంలో 50 మందిని, ఆపైన తీసేస్తే 90 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, పైగా ఒక్కొక్కరికి పూర్తయిన ప్రతి ఏడాదికి ఒక వారం జీతం సెవరెన్స్‌గా ఇచ్చి తీరాలి. నోటీసు 90 రోజుల కన్నా తగ్గితే ఇంకో 4 వారాలు కలపాలి. ఇప్పుడు మీ లెక్క వేయండి: 8 ఏళ్ళకి 8 వారాలు, నెలాఖరుకే పంపేస్తున్నారు కాబట్టి ఇంకో 4, మొత్తం 12. కంపెనీ ఉదారంగా ఇస్తున్నట్టు రాసిన 12 వారాలు సరిగ్గా అవే! ఈ డబ్బును వదులుకుంటున్నట్టు మీరు రాసిచ్చినా, రాష్ట్ర లేబర్ కమిషనరో కోర్టో ఆమోదిస్తే తప్ప అది చెల్లదు. మీ దగ్గర రిలీజ్ కావాలంటే ఆ 12 వారాల పైన ఇంకేదైనా ఇవ్వాలి.

ఒక్కటి మాత్రం సరిచూసుకోండి. ఆ 70 మందిలో న్యూజెర్సీలో పనిచేసేవాళ్ళు, ఇక్కడి ఆఫీసుకి రిపోర్ట్ చేసేవాళ్ళు ఎంతమంది అన్నదే లెక్క. సగం మంది టెక్సాస్ ఆఫీసు వాళ్ళయితే 50 దాటకపోవచ్చు, అప్పుడు ఈ చట్టం మీకు వర్తించదు, ఆ 12 వారాలు నిజంగానే కొత్తగా ఇస్తున్నట్టు అవుతుంది. మీతోపాటు పోయినవాళ్ళ వాట్సాప్ గ్రూపు ఈపాటికి ఉండే ఉంటుంది, అక్కడ అడిగితే తేలిపోతుంది.

నా కేసులో 11 ఏళ్ళ సర్వీసుకి 14 వారాలు ఇస్తామన్నారు, నోటీసు మాత్రం రెండు నెలలే. అంటే చట్టం ప్రకారమే 15 వారాలు రావాలి, వాళ్ళు ఇస్తామన్నది దానికన్నా ఒకటి తక్కువ. హెచ్‌ఆర్‌ని అడిగితే "ఇది అందరికీ ఒకటే టెంప్లేట్, మార్చడం కుదరదు" అన్నారు. లాయర్ ఒక్క ఈమెయిల్ రాశాడు, అందులో బెదిరింపు ఏమీ లేదు, పైన చెప్పిన లెక్కా ఆ చట్టం పేరూ మాత్రమే. కొన్నాళ్ళకి సవరించిన అగ్రిమెంట్ వచ్చింది. అందులో డబ్బు రెండు పేరాలుగా విడిపోయింది: 15 వారాలు సంతకంతో పని లేకుండా, ఇంకో 5 వారాలు రిలీజ్‌కి బదులుగా. మీ కాగితంలోనూ ఇలా విడిగా ఉందో లేదో మొదట అదే చూడండి. విడిగా లేకపోతే అడగండి, రాతలో అడగండి.

"త్వరగా పెడితే త్వరగా డబ్బు" అన్న మాటకొస్తే, మీకు 40 దాటాయి కాబట్టి ఆ తొందర చెల్లదు. 1990లో వచ్చిన ఓల్డర్ వర్కర్స్ బెనిఫిట్ ప్రొటెక్షన్ యాక్ట్ అనే ఫెడరల్ చట్టం ప్రకారం, వయసు వివక్ష మీద కేసు వేసే హక్కును మీరు వదులుకోవాలంటే ఆలోచించుకోవడానికి 21 రోజులు ఇవ్వాలి. ఒక్కరిని కాకుండా గుంపుగా తీసేస్తే 45 రోజులు. సంతకం పెట్టాక కూడా 7 రోజుల్లోపు వెనక్కి తీసుకోవచ్చు, ఈ 7 రోజుల్ని ఇద్దరూ ఒప్పుకున్నా తగ్గించడానికి లేదు. మీ ఇష్టంతో ముందే పెట్టొచ్చు కానీ, ముందు పెట్టకపోతే ఆఫర్ తీసేస్తాం అని భయపెట్టి పెట్టించకూడదు. లాయర్‌ని సంప్రదించమని కాగితంలోనే రాసి ఉండాలి. మీ మెయిల్‌లో ఎన్ని రోజులు ఇచ్చారో చూడండి, 45 కన్నా తక్కువ ఉంటే వయసు వివక్ష హక్కుని వదులుకుంటున్నట్టు రాసిచ్చే ఆ వెయివర్‌కే లోపం ఉన్నట్టు.

గుంపు లేఆఫ్ అయితే ఇంకో కాగితం కూడా జతచేసి ఇవ్వాలి, దాన్ని అందరూ తిరగేసి పక్కన పెట్టేస్తారు. మీ విభాగంలో ఏ ఉద్యోగంలో ఏ వయసు వాళ్ళని తీసేశారు, ఏ వయసు వాళ్ళని ఉంచారు అనే పట్టిక అది, పేర్లు ఉండవు. నాకొచ్చిన దాంట్లో నాలుగు నిలువు వరసలు: హోదా, వయసు, తీసేసినవాళ్ళ సంఖ్య, ఉంచినవాళ్ళ సంఖ్య. "సీనియర్ ఇంజినీర్, 47" ఎదురుగా తీసేసిన గడిలో 2, ఉంచిన గడిలో 0. అదే హోదాలో 31, 33, 34 ఎదురుగా తీసేసిన గడి సున్నాలే. ఈ ఒక్కదానితో వివక్ష రుజువైపోదు, కానీ లాయర్ ఆ పేజీ దగ్గరే ఎక్కువసేపు ఆగాడు, కంపెనీతో మాట్లాడేటప్పుడు బలమిచ్చిందీ అదే. వయసుల్ని "40 నుంచి 50" అని గంపగుత్తగా రాస్తే సరిపోదు, ఏ వయసుకి ఆ వయసు విడిగా చూపించాలి. మీకు ఈ పట్టిక రాకపోతే అడగండి.

ఇవేవీ పాటించకుండా సంతకం పెట్టించుకుంటే ఏమవుతుంది? 1998లో ఊబ్రే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, వెయివర్ ఈ చట్టం ప్రకారం లేకపోతే తీసుకున్న డబ్బు ముందు తిరిగి ఇవ్వకుండానే వయసు వివక్ష కేసు వేయొచ్చని. దీన్ని చూసుకుని ధైర్యంగా పెట్టేయకండి. ఆ వెసులుబాటు వయసు క్లెయిముకే, పుట్టిన దేశం, జాతి, బోనస్ లాంటి మిగతా క్లెయిములు అదే సంతకంతో పోవచ్చు. ఇక ఉద్యోగ వివక్ష ఫిర్యాదులు చూసే ఫెడరల్ సంస్థ ఈఈఓసీకి ఫిర్యాదు చేసే హక్కుని మాత్రం ఏ అగ్రిమెంటూ లాక్కోలేదు, న్యూజెర్సీలో తీసేసిన విషయం తెలిసిన రోజు నుంచి 300 రోజుల గడువు ఉంటుంది. కాకపోతే రిలీజ్ చెల్లితే ఆ ఫిర్యాదు వల్ల మీ సొంతానికి డబ్బు రాకపోవచ్చు.

వీసా టెన్షనే మనవాళ్ళ చేత గబగబా సంతకం పెట్టిస్తుంది. నాకు తెలిసిన ఇద్దరు ముగ్గురు కంపెనీతో గొడవ పెట్టుకుంటే ట్రాన్స్‌ఫర్‌కి అడ్డుపడతారేమోనని చదవకుండానే పంపేశారు. రెండింటికీ సంబంధం లేదు. కొత్త కంపెనీ మీ కోసం పిటిషన్ వేయడానికి పాత కంపెనీ అనుమతి అక్కర్లేదు, రిలీజ్ అంతకన్నా అక్కర్లేదు. మీకు కావాల్సింది పే స్టబ్‌లు, పాత అప్రూవల్ నోటీసులు, ఆఫీసు లాప్‌టాప్ ఇచ్చేసే ముందే దించుకోండి. అసలు చూడాల్సింది తేదీలు. గ్రేస్ పీరియడ్ గరిష్ఠంగా 60 రోజులు, ఐ-94 ముందే ముగిస్తే అంతవరకే. యూఎస్‌సీఐఎస్ సాధారణంగా జీతం చెల్లించిన చివరి రోజుని ఉద్యోగం ముగిసిన రోజుగా చూసి, మర్నాటి నుంచి లెక్కపెడుతుంది. సెవరెన్స్ ఎన్ని వారాలది వచ్చినా ఆ గడువు ఒక్క రోజు కూడా పెరగదు. అంటే చివరి రోజు ఈ నెల 30 అయితే, మీ చేతికి 12 వారాల డబ్బు వచ్చినా 60 రోజుల గడియారం మర్నాడే మొదలవుతుంది.

అందుకే బేరమాడేటప్పుడు ఎక్కువ డబ్బు అడగడం కన్నా చివరి తేదీని ఇంకొన్నాళ్ళు పొడిగించమని అడగడం మనలాంటి వాళ్ళకి ఎక్కువ ఉపయోగం. నేను రిలీజ్‌కి ఇచ్చిన ఆ 5 వారాల్ని ఒకేసారి వచ్చే మొత్తంగా కాకుండా పేరోల్ మీదే ఉంచమన్నాను, ఒప్పుకున్నారు, కొత్త పిటిషన్ ఆ వెసులుబాటు వల్లే సమయానికి పడింది. పని ఇవ్వకుండా పేరోల్ మీద ఉంచితే స్టేటస్ ఎలా చూస్తారన్నది మాత్రం సున్నితమైన విషయం, కాబట్టి ఆ పేరా మాటలు ఇమ్మిగ్రేషన్ లాయర్‌కి చూపించాకే ఒప్పుకోండి. చివరి రోజు మారితే రిలీజ్ మీద మళ్ళీ సంతకం అడుగుతారు, ఎందుకంటే సంతకం తర్వాత జరిగేవాటికి రిలీజ్ వర్తించదు. అది మామూలే.

మిగతా వాటిలో రెండు చూడండి. "మునుపటి ఒప్పందాలన్నీ కొనసాగుతాయి" అన్న ఒక్క వాక్యం వెనక ఎప్పుడో చేరినప్పుడు సంతకం పెట్టిన, పోటీ కంపెనీలో చేరకూడదనే నాన్-కంపీట్ షరతు దాక్కుని ఉండొచ్చు, పాత కాగితం తెప్పించుకోండి. రెండోది, కంపెనీ గురించి చెడుగా మాట్లాడకూడదన్న షరతు. వివక్ష, వేధింపుల సంగతులు బయటపెట్టకుండా అది మిమ్మల్ని ఆపలేదని న్యూజెర్సీ సుప్రీంకోర్టు 2024 మేలో తేల్చింది.

వచ్చే మొత్తంలో ఫెడరల్ పన్నుకే సాధారణంగా 22 శాతం పట్టేస్తారు, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్, రాష్ట్ర పన్ను అదనం, ఇంటి ఖర్చులు దాన్ని బట్టి వేసుకోండి. ఉద్యోగి తరఫున వాదించే లాయర్లు కాగితం చదివి చెప్పడానికి మాత్రమే ఫ్లాట్ ఫీజు తీసుకునేవాళ్ళు ఎడిసన్ చుట్టుపక్కల దొరుకుతారు. వెళ్ళేటప్పుడు అగ్రిమెంట్, ఆ వయసుల పట్టిక, ఆఫర్ లెటర్, లేఆఫ్ మెయిల్ నాలుగూ తీసుకెళ్ళండి, ఈ వారంలోనే వెళ్ళండి.