లాభం పెరిగింది, ఆడిటర్ మాత్రం ‘ఎక్సెప్ట్ ఫర్’ అన్నారు

ప్రశ్న: సార్, ఒక చిన్న లిస్టెడ్ కంపెనీలో నాకు 6 లక్షల రూపాయల విలువైన షేర్లు ఉన్నాయి. సెప్టెంబర్ క్వార్టర్‌లో పన్నుకు ముందు లాభం పోయినేడు 24 కోట్లు ఉంటే ఈసారి 34 కోట్లు. ఆడిటర్ సంతకం ఉంది కానీ రిపోర్టులో ‘ఎక్సెప్ట్ ఫర్’, అంటే ‘ఇది మినహా’ అంటూ, కంపెనీకి రావాల్సిన 22 కోట్ల పాత బాకీ గురించి ఒక పేరా రాశారు. మా బావ అవన్నీ మామూలే అంటున్నాడు. ఎఫ్‌డీ తీసి ఇంకో 4 లక్షలు పెట్టొచ్చా? (కాకినాడ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఎఫ్‌డీ కదపకండి. ఆ పేరా మామూలుది కాదు, చాలా కంపెనీల రిపోర్టుల్లో అది ఉండదు.

ముందు ఆ సంతకం దేనికో చూద్దాం. మూడు నెలలకోసారి వచ్చేవి సాధారణంగా ఆడిట్ చేసిన లెక్కలు కావు. షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ, లిస్టెడ్ కంపెనీలకి పెట్టిన ఎల్ఓడీఆర్ నియమాల్లో 33వ నిబంధన ప్రకారం క్వార్టర్ ముగిసిన 45 రోజుల్లో ఫలితాలు ఇవ్వాలి, వాటికి కనీసం లిమిటెడ్ రివ్యూ రిపోర్టు జతచేయాలి. ఈ పని ఎలా చేయాలో చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఐసీఏఐ వాళ్ల ఎస్ఆర్ఈ 2410 అనే ప్రమాణం చెబుతుంది. క్లుప్తంగా చెప్పాలంటే ఆడిటర్ అడుగుతారు, పోల్చి చూస్తారు. బోర్డు మీటింగుల మినిట్స్ చదువుతారు, సీఎఫ్ఓని, అకౌంట్స్ వాళ్లని కూర్చోబెట్టి అకౌంటింగ్ పద్ధతి ఏదైనా మార్చారా, క్వార్టర్ చివరి రోజుల్లో పెద్ద అమ్మకాలు ఏమైనా ఎక్కించారా, కొత్త కోర్టు కేసులు ఉన్నాయా అని అడుగుతారు. ఈ అంకెల్ని ముందు క్వార్టర్‌తో, పోయినేడు ఇదే క్వార్టర్‌తో, బడ్జెట్‌తో పక్కపక్కన పెట్టి తేడా ఎక్కడ వచ్చిందో చూస్తారు, స్టేట్‌మెంట్‌లో ఉన్న అంకెలు కంపెనీ పుస్తకాలతో సరిపోతున్నాయో లేదో చూసుకుంటారు, చివర్లో యాజమాన్యం దగ్గర ఒక రాతపూర్వక హామీ లెటర్ తీసుకుంటారు. ఏదైనా తేడాగా కనిపిస్తే అప్పుడు ఇంకాస్త లోతుగా వెళ్తారు.

మామూలుగా చేయనివి కూడా తెలుసుకోవాలి: బ్యాంకుకి నేరుగా రాసి బ్యాలెన్స్ నిర్ధారించుకోవడం, కస్టమర్‌కి లెటర్ రాసి నువ్వు నిజంగా ఇంత బాకీ ఉన్నావా అని అడగడం, గోడౌన్‌కి వెళ్లి సరుకు లెక్కపెట్టడం. ఇవి ఆడిట్‌లో ఉంటాయి, రివ్యూలో సాధారణంగా ఉండవు.

ఇది ఎంత పెద్ద తేడానో మనవాళ్లకి సత్యం కంపెనీ గుర్తుచేస్తే చాలు. 2009 జనవరి 7న దాని ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖలో 2008 సెప్టెంబర్ క్వార్టర్ గురించి ఆయనే ఒప్పుకున్న అంకెలు ఇవీ: ఆదాయం 2,700 కోట్లు అని చెప్పారు, అసలు 2,112 కోట్లు, నిర్వహణ లాభం 649 కోట్లు అని చూపించారు, అసలు 61 కోట్లు. నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవు. అయితే తప్పంతా రివ్యూ మీదకి నెట్టడం న్యాయం కాదు, ఎందుకంటే ఏటా జరిగే ఆడిట్లు కూడా దాన్ని పట్టుకోలేదు. కాకపోతే బ్యాంకుని నేరుగా అడగని రివ్యూ అలాంటి చోట ఇంకా తక్కువ భరోసా ఇస్తుందన్నది తెలుస్తూనే ఉంది.

అందుకే రివ్యూ రిపోర్టు ముగింపు వాక్యం అంత చుట్టూ తిరిగి ఉంటుంది. ఏడాది ఆడిట్‌లో ‘ట్రూ అండ్ ఫెయిర్ వ్యూ’ ఇస్తున్నాయని నేరుగా చెబుతారు. రివ్యూలో ‘నథింగ్ హాజ్ కమ్ టు అవర్ అటెన్షన్’ అంటారు. అంటే, మేము చేసిన రివ్యూ మేరకు, ఈ స్టేట్‌మెంట్ 33వ నిబంధన అడిగిన సమాచారం చెప్పలేదనో, ఇందులో చెప్పుకోదగ్గ తప్పు ఉందనో అనుకోవడానికి మా దృష్టికి ఏమీ రాలేదు అని. మీ రిపోర్టులో ఆ వాక్యం ముందు ‘ఎక్సెప్ట్ ఫర్’ చేరింది కాబట్టి దాన్ని క్వాలిఫైడ్ కన్‌క్లూజన్ అంటారు, అంటే అభ్యంతరంతో ఇచ్చిన ముగింపు. అడగడం, పోల్చడం వరకే చేసిన మనిషికి కూడా కళ్లకి కనపడేంత సమస్య ఉందన్నమాట, నన్ను అడిగితే భయపడాల్సింది ఇక్కడే.

చాలామంది దీన్ని ‘ఎంఫసిస్ ఆఫ్ మ్యాటర్’ పేరాతో కలిపేస్తారు, మీ బావగారు కూడా బహుశా అదే అనుకుని ఉంటారు. అందులో ఆడిటర్ ఒక నోట్ వైపు వేలు చూపించి, దీనివల్ల మా కన్‌క్లూజన్ మారలేదు అని చివర్లో స్పష్టంగా రాస్తారు. మీ రిపోర్టులో ఆ మాట ఉందేమో మళ్లీ చూడండి. లేకపోతే మారినట్టే.

ఇప్పుడు మీ అంకెలు. 22 కోట్లు ఎప్పటి నుంచో రావాల్సిన బాకీ, కంపెనీ దానికి ప్రొవిజన్ పెట్టలేదు, అంటే రాకపోవచ్చని లాభంలోంచి ముందుగా ఏమీ తగ్గించుకోలేదు. మొత్తం రాదనుకుని ఈ క్వార్టర్‌లోనే తీసేస్తే 34 కోట్ల లాభం 12 కోట్లకి దిగుతుంది, పన్ను సుమారు 25 శాతం పోతే చేతికి మిగిలేది 9 కోట్లు. పోయినేడు ఇదే లెక్కలో 18 కోట్లు వచ్చాయి. అంటే 40 శాతానికి పైగా పెరిగిందని సంబరపడుతున్న లాభం సగానికి పడిపోయి ఉండొచ్చు. ఆ 22 కోట్ల నష్టం అంతా ఈ మూడు నెలల్లోనే పుట్టింది కాదు నిజమే, కొంత పాత ఏళ్లకి చెందాలి, బాకీలో కొంత వసూలు కూడా కావచ్చు. ఎంత పెట్టాలో ఆడిటర్ చెప్పారా, లేక ఎంతో చెప్పలేకపోతున్నాం అన్నారా చూడండి, రెండోది ఇంకా ఇబ్బందికరం.

తర్వాత ఇదే పీడీఎఫ్‌లో ఇంకో రెండు పేజీలు తిప్పండి. బ్యాలెన్స్ షీటు, క్యాష్ ఫ్లో సాధారణంగా సెప్టెంబర్, మార్చి ఫలితాలతోనే వస్తాయి, జూన్, డిసెంబర్‌లో లాభనష్టాల పట్టికే ఉంటుంది, కాబట్టి ఇప్పుడు చూడకపోతే మళ్లీ మే దాకా ఆగాలి. ట్రేడ్ రిసీవబుల్స్, అంటే కస్టమర్ల నుంచి రావాల్సిన బాకీలు, అమ్మకాల కంటే వేగంగా పెరిగాయా, ఆరు నెలల ఆపరేటింగ్ క్యాష్ ఫ్లో, అంటే వ్యాపారంలో నిజంగా చేతికొచ్చిన డబ్బు, లాభానికి దగ్గరగా ఉందా లేక మైనస్‌లో ఉందా చూడండి. లాభం ఉండి డబ్బు రాకపోతే ఆ ఒక్క బాకీయే కాదు, ఇంకా కొన్ని ఉన్నాయని నాకు అనుమానం వస్తుంది. పోయిన ఏడాది ఆడిట్ రిపోర్టులో కూడా ఇదే పేరా ఉందేమో వెతకండి. ఉంటే ఏడాదిగా చెబుతున్నా యాజమాన్యం వినలేదని అర్థం.

మార్చి ఫలితాలు 60 రోజుల్లో, ఆడిట్ అయ్యి రావాలి. అప్పుడూ ఆడిటర్ ‘ఎక్సెప్ట్ ఫర్’ అభ్యంతరం అలాగే ఉంటే, దానివల్ల లాభం, ఆస్తులు ఎంత మారతాయో చూపించే ఒక పట్టికని కంపెనీ ఎక్స్ఛేంజ్‌కి ఇవ్వాల్సి ఉంటుంది. ఇంకొక చిక్కు కూడా ఉంది, జనవరి–మార్చి అంకెలు విడిగా ఆడిట్ చేసినవి కావు, ఏడాది మొత్తంలోంచి తొమ్మిది నెలల అంకె తీసేస్తే మిగిలినవి. పాత బాకీని అప్పుడు ఒక్కసారిగా నష్టంగా రాసేస్తే ఆ నాలుగో క్వార్టర్ ఘోరంగా కనిపిస్తుంది, షేరు కూడా ఆ రోజే పడుతుంది.

కాబట్టి మే నెలాఖరు దాకా కొత్తగా ఒక్క రూపాయి కూడా పెట్టొద్దు. ఉన్న 6 లక్షలు మీ షేర్ల డబ్బులో సగానికి మించి ఉంటే కొంత ఇప్పుడే తగ్గించండి, పదో వంతు లోపే ఉంటే ఆగొచ్చు. ఈలోగా ఆడిటర్ రాజీనామా చేశారని ఎక్స్ఛేంజ్‌లో ప్రకటన వస్తే మాత్రం మే దాకా ఆగొద్దు, ముందు ఆ లేఖలో ఇచ్చిన కారణం చదవండి, ‘అడిగిన సమాచారం ఇవ్వలేదు’ అన్న మాట కనిపిస్తే మిగతాదీ అమ్మేయండి.