ముందు గ్లాసు, తర్వాతే గ్రామర్

అమ్మలూ,

సాయంత్రం స్పోకెన్ ఇంగ్లిష్ బ్యాచ్ నీకు అప్పగించారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సోమవారం నుంచి ఫ్యూచర్ మొదలుపెట్టాలని టెన్షన్ పడుతున్నావట. నేను చాలా ఏళ్లు దీన్ని బోర్డు మీద పట్టిక గీసి చెప్పాను. పిల్లలు పరీక్షలో ఖాళీలన్నీ సరిగ్గా నింపేవాళ్లు. బయట నోరు తెరిస్తే మాత్రం అన్నిటికీ 'విల్' ఒక్కటే. తప్పు వాళ్లది కాదు. 'రోజూ వెళ్తాను' అన్నా 'రేపు వెళ్తాను' అన్నా మనకు ఒకటే మాట. ఆ '-తాను' దగ్గరే ఇంగ్లిష్ దారులు చీలుతాయి.

అందుకే పట్టిక వద్దు. ఒక స్టీలు గ్లాసు పట్టుకెళ్లు. దాన్ని టేబుల్ అంచున పెట్టి, మాట్లాడుతూనే పెన్నుతో కొంచెం కొంచెం తోస్తూ ఉండు. అది సగం గాల్లోకి వచ్చేసరికి ఎవరో ఒకరు "మేడమ్, పడిపోయేలా ఉంది" అంటారు. అక్కడే ఆపి, "ఇట్ ఈజ్ గోయింగ్ టు ఫాల్" అని రాయి. కళ్ల ముందు ఆనవాలు కనిపిస్తోంది కాబట్టి గోయింగ్ టు. ఇంకొంచెం తోస్తే ముందు బెంచీ వాళ్లెవరో లేచి "ఉండండి, నేను తీస్తాలే" అంటారు. అది "ఐ విల్ గెట్ ఇట్". లేచే ముందు క్షణం దాకా ఆ పిల్లాడికి ఆ ఆలోచనే లేదు. అప్పటికప్పుడు అనుకున్నది విల్. తెలుగులో చివర 'లే' తగిలించి 'తెస్తాలే', 'చూసుకుంటాలే' అంటామే, ఆ చోట్ల దాదాపు ఎప్పుడూ విల్ సరిపోతుంది.

తర్వాత ఆఫీసు సంగతి చెప్పు. వాళ్లకు రేపు ఉద్యోగంలో అవసరమయ్యేది ఇదే. మేనేజర్ అడుగుతాడు: ప్రింటర్‌కి టోనర్ ఆర్డర్ పెట్టావా? "ఐ విల్ ఆర్డర్ ఇట్" అంటే, మీరు అడిగారు కాబట్టి గుర్తొచ్చింది, ఇప్పుడు పెడతాను అని ఆయనకు వినిపిస్తుంది. "ఐయామ్ గోయింగ్ టు ఆర్డర్ ఇట్ దిస్ ఆఫ్టర్‌నూన్" అంటే ముందే అనుకున్నాను, మధ్యాహ్నం పెడదామనుకుంటున్నాను అని. గ్రామర్ ప్రకారం రెండూ ఒప్పే. కానీ మొదటిది మరిచిపోయినవాడి మాట, రెండోది పని మనసులో ఉన్నవాడి మాట. నిజంగా మరిచిపోతే విల్ అనడమే నిజాయతీ అనుకో! ఇద్దరిద్దరిని నిలబెట్టి ఈ సంభాషణ రెండు రకాలుగా పలికించు. మేనేజర్‌గా ఉన్నవాణ్ణి, "వీడికి ముందే గుర్తుందా, లేదా?" అని అడుగు. జవాబు సరిగ్గా వస్తే పాఠం ఎక్కినట్టే.

టైమ్‌టేబుల్‌కి చిటికెడు సమయం చాలు. "ఆఖరి బస్సు 8:40కి", "క్లాసు 6 గంటలకి" అని తెలుగులో క్రియ లేకుండా చెప్పేస్తాం చూడు, అలాంటివి ప్రెజెంట్ సింపుల్‌లోకి పోతాయి: "ద లాస్ట్ బస్ లీవ్స్ ఎట్ 8:40". అది మన ఇష్టంతో నడిచేది కాదు, బోర్డు మీద రాసి ఉన్నది. ఇక్కడ 'విల్ లీవ్' అన్నా కొట్టేయకు, తప్పు కాదు. అసలు తప్పు ఇంకోవైపు వస్తుంది. ఇది నేర్చుకున్న ఉత్సాహంలో "ఐ గో టు మై అత్తాస్ హౌస్ టుమారో" అంటారు. అత్తగారింటికి టైమ్‌టేబుల్ లేదు కదా, అక్కడ గోయింగ్ టు కావాలి. అలాగే బస్సు రేపు ఆలస్యం అవుతుందేమోనన్న ఊహ ఏ బోర్డు మీదా ఉండదు. అది "ఐ థింక్ ఇట్ విల్ బి లేట్".

ఇంకొక్కటి. "వెన్ ఐ విల్ రీచ్, ఐ విల్ కాల్ యూ" అని కనీసం సగం మంది అంటారు. తెలుగులో ఏమంటామో అడుగు: 'చేరగానే ఫోన్ చేస్తాను'. 'చేరగానే'లో ముందూ వెనకా కాలం లేదు, 'చేస్తాను'లోనే ఉంది. ఇంగ్లిష్‌లోనూ విల్ అక్కడొక్కచోటే: "ఐ విల్ కాల్ యూ వెన్ ఐ రీచ్".

'ఐయామ్ మీటింగ్ హిమ్ టుమారో' లాంటివి ఎవరైనా అడిగితే అదీ ఒప్పే అని చెప్పి, వచ్చే వారానికి వాయిదా వెయ్యి. మొదటి వారంలోనే నాలుగోది కలిపితే ఉన్న మూడూ కలగాపులగం అవుతాయి.

గ్లాసులో నీళ్లు మాత్రం పొయ్యకు. ఒకసారి పిల్లలెవరూ లేవలేదు, హాజరు పట్టీ అంతా తడిసిపోయింది.

మీ మావయ్య