ఏడేళ్లు దాటాయని ప్రీమియం ఆపకండి

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. మా ఆయన 2018 జూన్‌లో రొయ్యల లోడుతో చెన్నై వెళ్లి, అక్కడి నుంచి ఫోన్ చేశారు. ఆ తర్వాత కబురు లేదు. ఆగస్టులో పోలీసు కేసు పెట్టాం. ఆయన పేరు మీద ఎల్ఐసీ పాలసీలు రెండు ఉన్నాయి. 2010లో తీసుకున్న 5 లక్షలది ఆయన కనిపించకుండా పోయాక కట్టలేకపోయాం, 3 లక్షలది నేనే కడుతున్నా. ఏడేళ్లు దాటాయి కదా, ఇక కట్టొద్దని మరిది అంటున్నాడు. 2018లోనే చనిపోయినట్లు కోర్టులో రాయించుకుంటే రెండూ పూర్తిగా వస్తాయని ఏజెంట్ అంటున్నాడు. ఆయన పేరున రెండెకరాల పొలం, బ్యాంకులో లక్షా ఇరవై వేల డిపాజిట్ ఉన్నాయి. అత్తమ్మ ఉంది. పాపకు 19, బాబుకు 16. ముందు ఎక్కడికి వెళ్లాలి సార్?

జవాబు: అమ్మా, ముందు 3 లక్షల పాలసీకి రాబోయే వాయిదా కట్టేయండి. ఆయన చనిపోయినట్లు ప్రకటించే కోర్టు డిక్రీ చేతికి వచ్చి, దాన్ని ఎల్ఐసీ ఆఫీసులో ఇచ్చేవరకు కడుతూనే ఉండండి. ఎందుకో చెబుతాను, ఎందుకంటే మీ కేసులో డబ్బంతా ఈ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉంది.

ఏడేళ్లుగా కబురు లేని మనిషి బతికే ఉన్నాడని ఎవరైనా అంటే, దాన్ని నిరూపించాల్సింది వాళ్లే. పాత సాక్ష్యాధారాల చట్టంలో ఇది 108వ సెక్షన్, 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 111వ సెక్షన్. చట్టం చెప్పేది అంతవరకే. మనిషి చనిపోయాడని కోర్టు భావిస్తుంది కానీ, ఫలానా రోజున చనిపోయాడని భావించదు. ఎల్ఐసీ వర్సెస్ అనురాధ కేసులో సుప్రీంకోర్టు 2004లో ఈ సంగతే తేల్చింది. ఆ కేసులో భర్త కనిపించకుండా పోయాక ప్రీమియం ఆగిపోయింది. ఏడేళ్లు గడిచాక కుటుంబం క్లెయిమ్ అడిగింది. తప్పిపోయిన రోజే మరణించిన రోజు అనుకోవడానికి చట్టంలో ఆధారం లేదని, ఈలోగా పాలసీ ల్యాప్స్ అయింది కాబట్టి పెయిడప్ విలువ, అంటే కట్టిన వాయిదాల మేరకు లెక్కకట్టిన మొత్తం మాత్రమే వస్తుందని కోర్టు చెప్పింది. తేదీ కావాలనుకునేవాళ్లు దాన్ని విడిగా సాక్ష్యంతో రుజువు చేసుకోవాలి.

మీ ఏజెంట్ సలహా ఇక్కడే దెబ్బతింటుంది. 2018లోనే పోయారని చెప్పాలంటే ప్రమాదమో, శవమో, చూసినవాళ్లో ఉండాలి. మీ దగ్గర అలాంటిదేమీ లేదు. దావాలో ఒక పేరాలో ఏడేళ్లుగా కబురు లేదని, ఇంకో పేరాలో ఆయన ఫలానా నెలలో చనిపోయారని రాస్తే రెండూ పొసగవు, కేసు ఏళ్ల తరబడి సాగుతుంది. ఆ మాట దావాలోకి రానివ్వకండి.

ఇప్పుడు లెక్క చూద్దాం. 5 లక్షల పాలసీ 20 ఏళ్లదైతే, 2010 నుంచి 2017 వరకు 8 వాయిదాలు కట్టినట్లు. అంటే 5 లక్షల్లో ఇరవైకి ఎనిమిది వంతులు, 2 లక్షలు. దానికి అప్పటివరకు చేరిన బోనస్ కలుస్తుంది. మీరు కడుతూ వస్తున్న చిన్న పాలసీకి మాత్రం 3 లక్షలూ పూర్తిగా, బోనస్‌తో సహా వస్తాయి. చిన్నదే ఎక్కువ ఇస్తుంది. మరిది మాట విని దీన్నీ ఆపేస్తే ఇది కూడా పెయిడప్‌కి పడిపోతుంది. మళ్లీ నిలబెట్టుకోవాలంటే పాలసీదారు స్వయంగా ఆరోగ్య డిక్లరేషన్ మీద సంతకం పెట్టాలి. ఆ సంతకం ఎక్కడి నుంచి తెస్తాం? కట్టిన ప్రతి రసీదూ దాచండి.

ఇక కోర్టు. తహశీల్దారు దగ్గరకు ఇప్పుడే వెళ్లినా లాభం లేదు, మరణ ధృవీకరణ పత్రం లేకుండా వారసుల సర్టిఫికెట్ ఇవ్వరు. ముందు కేసు పెట్టిన స్టేషన్‌కి వెళ్లి మ్యాన్ మిస్సింగ్ ఎఫ్ఐఆర్ కాపీ, ఆచూకీ దొరకలేదన్న చివరి రిపోర్టు తీసుకోండి. చాలా కుటుంబాల దగ్గర ఎఫ్ఐఆర్ ఉంటుంది, రెండో కాగితం ఉండదు. అది లేకుండా దావా వేస్తే కోర్టులో మొదటి వాయిదాలోనే అడుగుతారు.

లాయరును కలిసే ముందే ఆయన బ్యాంకు ఖాతా స్టేట్‌మెంట్ 2018 జూన్ నుంచి ఇప్పటివరకు తీయించి చూడండి. ఆ తర్వాత ఒక్క లావాదేవీ కూడా లేకపోతే, కబురు లేదనడానికి అంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు. అయితే ఆయన ఏటీఎం కార్డుతో ఇంట్లో ఎవరైనా డబ్బు తీసి ఉంటే అది స్టేట్‌మెంట్‌లో కనపడుతుంది, ఆయనే తీశారని అవతలి లాయరు అంటాడు. ఆకలి కోసం తీసుకున్నదే అయినా సరే, ఎవరు ఎప్పుడు తీశారో మీ లాయరుకు ముందే చెప్పేయండి. ఏడేళ్ల లెక్క ఆయన కబురు చివరిసారి అందిన రోజు నుంచి మొదలవుతుంది, ఎఫ్ఐఆర్ తేదీ నుంచి కాదు. అందుకే ఆ తేదీ విషయంలో ఏ అనుమానమూ మిగలకూడదు.

దావాలో అత్తమ్మను, పిల్లలను, ఎల్ఐసీని, బ్యాంకును, కలెక్టరును చేర్చమనండి. ఎల్ఐసీని వదిలేస్తే, ఆ తీర్పులో మేం లేం కదా అని తర్వాత అభ్యంతరం చెప్పే వీలుంటుంది. ప్రభుత్వాన్ని చేర్చినప్పుడు సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి, కాబట్టి ఆ నోటీసు ఇప్పుడే పంపించండి. చనిపోయినట్లు ప్రకటించమని మాత్రమే అడిగి ఊరుకోకండి, మరణ ధృవీకరణ పత్రం ఇవ్వమని ఆదేశం కూడా కోరండి. అడగగలిగిన ఉపశమనం అడగకుండా ఒట్టి ప్రకటన కోరితే, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 34వ సెక్షన్ ప్రకారం దావా నిలవదు. సాక్షులుగా మీతోపాటు అత్తమ్మ, లారీ యజమాని వస్తే మేలు. బతికుంటే ఆయన కబురు ఎవరికి అందుతుందో వాళ్లే కదా చెప్పాల్సింది.

డిపాజిట్‌కి మాత్రం డిక్రీ వరకు ఆగాల్సిన పని ఉండకపోవచ్చు. తప్పిపోయినవారి చిన్న మొత్తాలను ఎఫ్ఐఆర్, ఆచూకీ లేదన్న పోలీసు రిపోర్టు, హామీపత్రం తీసుకుని ఇచ్చేందుకు బ్యాంకులు ఒక పరిమితి పెట్టుకోవచ్చని రిజర్వ్ బ్యాంక్ 2008లోనే చెప్పింది. మీ బ్రాంచిలో ఆ పరిమితి ఎంతో రాతపూర్వకంగా అడగండి. పాప ఫీజుకి ముందుగా చేతికందేది ఇదే కావచ్చు.

పొలం ఆయన సొంత ఆస్తి అయితే నాలుగు సమాన వాటాలు. మీరు, పాప, బాబు, అత్తమ్మ, ఒక్కొక్కరికి 50 సెంట్లు. హిందూ వారసత్వ చట్టంలో కొడుకు ఆస్తిలో తల్లికి భార్యాబిడ్డలతో సమాన హక్కు ఉంది. మరిదికి నేరుగా వాటా లేదు, కానీ అత్తమ్మ తన 50 సెంట్లు ఎవరికైనా ఇచ్చుకోవచ్చు. డిక్రీ, మరణ పత్రం, వారసుల సర్టిఫికెట్ వచ్చాక పాసుపుస్తకం మార్పిడికి దరఖాస్తు పెట్టండి. బాబుకు 18 నిండేలోపు అతని వాటా అమ్మాలంటే కోర్టు అనుమతి కావాలి. అది లేకుండా రాసిన రిజిస్ట్రేషన్‌ను అతను పెద్దయ్యాక రద్దు చేయించవచ్చు. రెండేళ్లు ఆగితే ఆ ఖర్చు, తిరుగుడు తప్పుతాయి, ఈలోగా కౌలుకిచ్చి ఆదాయం తెచ్చుకోండి.

చివరిగా ఒకటి. ఇది తిరగరాయలేని తీర్పు కాదు. ఆయన తిరిగొస్తే రద్దవుతుంది, పొలం మీద హక్కు ఆయనదే, తీసుకున్న క్లెయిమ్ తిరిగి కట్టాల్సి రావచ్చు. అందుకే ఎల్ఐసీ డబ్బులో కొంత భాగం కొన్నేళ్లపాటు డిపాజిట్‌లో ఉంచండి.