సమ్మతి పత్రంలో వికల్పం, ప్రమాదం, మత్తు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా నాన్నగారికి గజ్జలో హెర్నియా ఆపరేషన్ చేయాలన్నారు. సమ్మతి పత్రం ఒడియాలో ఉంటే నేనే చదివి వినిపించాను. ‘బికల్ప’ అన్న మాట వినగానే ఆయన “వైకల్యం వస్తుందని వాళ్లే రాశారు, నేను సంతకం పెట్టను” అన్నారు. ఆ మాటనూ, ప్రమాదాలు, స్పైనల్ అనస్థీషియా అన్న భాగాలనూ ఆయనకు తెలిసే తెలుగులో ఎలా చెప్పాలి?

సమాధానం: వికల్పం, వైకల్యం రెండూ సంస్కృతం నుంచి వచ్చినవే గాని ఒకదానికొకటి చుట్టం కావు. మొదటిదానికి ‘ఇదైనా అదైనా ఎంచుకోదగినది’ అని అర్థం. రెండోది ‘వికల’ శబ్దం నుంచి పుట్టి లోపాన్ని తెలుపుతుంది. ఒడియాలో వికల్పం రోజూ వాడే మాట. తెలుగులో అది ‘ఇకారసంధి వైకల్పికం’ అనే వ్యాకరణ పాఠానికే పరిమితమైపోయింది, అంగవైకల్యమేమో ఇంటింటా వినిపిస్తుంది. అందువల్ల మీ నాన్నగారు తనకు తెలిసిన మాటనే విన్నారు. ప్రత్యామ్నాయం అని మార్చినా ఆయనకు ఒరిగేది లేదు కనుక, “ఈ ఆపరేషన్ కాకుండా ఇంకేం దారులున్నాయో ఇక్కడ రాశారు” అనండి. హెర్నియాకు ఆ దారులు సాధారణంగా మూడు: గజ్జలో కోసి జాలీ వేసి కుట్టడం, చిన్న రంధ్రాల గుండా లాపరోస్కోపీతో అదే పని చేయడం, బాధ అంతగా లేని మగవారైతే డాక్టరు పర్యవేక్షణలో కొంతకాలం ఆగి చూడడం. ఆగితే ఏమవుతుందో కూడా చెప్పాలి. పేగు ఇరుక్కుపోతే ఉబ్బు లోపలికి పోకుండా గట్టిపడుతుంది, తీవ్రమైన నొప్పి, వాంతులు వస్తాయి. అప్పుడు క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ప్రత్యామ్నాయాలనూ, ముఖ్యమైన రిస్కులనూ, చికిత్స వద్దంటే కలిగే ఫలితాన్నీ రోగికి తెలియజేయాలని సుప్రీంకోర్టు 2008లోనే తీర్పు చెప్పింది.

‘ప్రమాదం’ దగ్గర చిక్కు మరో రకం. రోడ్డు ప్రమాదం అన్నప్పుడు అది జరిగిపోయిన సంఘటన. ఆ అలవాటుతో వినేవారికి ‘ప్రమాదాలు: రక్తస్రావం, ఇన్ఫెక్షన్’ అన్న వరుస ఇవన్నీ జరిగి తీరతాయన్నట్టు తోస్తుంది. పోనీ ‘ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం ఉంది’ అందామా అంటే, మంచిని సూచించే అవకాశాన్ని కీడుకు తగిలించడం నాకు సమ్మతం కాదు. ముప్పు అనే చక్కని తెలుగు మాట మనకు ఉండనే ఉంది. అయితే ఇక్కడ ఒంటి మాట కంటే వాక్యమే మేలు: “ఆపరేషన్ సరిగానే జరిగినా కొందరికి కుట్ల దగ్గర చీము పట్టవచ్చు, గజ్జలో నొప్పి నెలల తరబడి ఉండిపోవచ్చు, హెర్నియా మళ్లీ రావచ్చు.” ‘కొందరికి’ అన్న మాటను వదలకండి. ఆ కొందరు నూటికి ఎందరో డాక్టరును అడిగి, ఆ అంకె కూడా చెప్పండి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టే మాట మత్తు. కల్లు తాగినా మత్తే, నిద్ర తీరకపోయినా మత్తే. “వెన్నుకు మత్తు ఇస్తాం” అని విన్న మనిషి తాను నిద్రపోతానని అనుకుంటాడు; తీరా బల్లమీద డాక్టర్ల మాటలు వినిపిస్తుంటే, కడుపు కింద ఎవరో లాగుతున్నట్టు తెలుస్తుంటే, మత్తు ఎక్కలేదని హడలిపోతాడు. నిజానికి స్పైనల్‌లో అలా తెలియడం మామూలే. నొప్పి మాత్రం తెలియకూడదు, తెలిస్తే వెంటనే నోరు విప్పి చెప్పాలి. మీ ప్రాంతంలో మెలకువను ‘తెలివి’ అంటారు కదా, దానినే వాడండి: “నడుము దగ్గర సూది వేసి కింది భాగాన్ని మొద్దుబారుస్తారు. మీరు తెలివిగానే ఉంటారు. కాళ్లు కొన్ని గంటలు బరువెక్కి కదలవు, తరువాత వాటంతట అవే వస్తాయి.” ఈ ‘తరువాత వస్తాయి’ అన్నది చెప్పకపోతే, కదలని కాళ్లను చూసుకుని ఆయన తాను భయపడిన వైకల్యమే వచ్చిందనుకుంటారు. కొందరికి ఆపరేషన్ తరువాత మూత్రం బిగుసుకుపోయి గొట్టం వేయవలసి వస్తుంది. కొందరికి ఒకటి రెండు రోజులకు, లేచి కూర్చుంటే పెరిగి పడుకుంటే తగ్గే తలనొప్పి రావచ్చు. దానికి చికిత్స ఉంది కనుక దాచకుండా చెప్పమనండి.

చివరగా ‘అవసరమైతే జనరల్ అనస్థీషియా’ అన్న పంక్తిని చాలామంది చదవకుండా దాటేస్తారు. సూది సరిగా పనిచేయకపోతే పూర్తిగా తెలివి లేకుండా చేసి, గొంతులో గొట్టం పెట్టి ఊపిరి ఆడిస్తారని దాని భావం. స్పైనలే కదా అని పొద్దున పాల టీ తాగకూడదన్న నిబంధనకు కారణం ఈ పంక్తిలోనే ఉంది: తెలివి లేనప్పుడు కడుపులోది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అన్నానికీ, పాలు కలిసిన టీకీ సాధారణంగా 6 గంటల ఎడం, మంచినీళ్లకు 2 గంటల ఎడం ఉండాలంటారు. మీ ఆసుపత్రివారు చెప్పిన గడువునే పాటించండి. ఇదంతా విన్నాక సంతకం మీ నాన్నగారే పెట్టాలి. ఆయన తెలివిగా ఉండగా మీ సంతకం ఆయన సమ్మతి కాజాలదు.