హెచ్చరిక లేకుండా మూతపడే టికెట్లు

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్లకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఇస్తాం. కస్టమర్ జవాబివ్వక పెండింగ్‌లో ఉండిపోయిన టికెట్లకు 72 గంటలకు హెచ్చరిక మెయిల్ వెళ్లి, 120 గంటలకు వాటంతటవే మూతపడేలా పెట్టాం. మెయిలే రాలేదని కొందరు గొడవ పెట్టుకుంటున్నారు. సిస్టమ్‌లో చూస్తే వెళ్లినట్టే ఉంది. ఎక్కడుంది తేడా?
– సపోర్ట్ ఇన్‌చార్జి, గుంటూరు

మెయిల్ వెళ్లిన మాట నిజమే, కాకపోతే అది పోయిన విడతది. ఇదే ఫిర్యాదు విజయవాడ నుంచి కూడా వస్తూనే ఉంది. అందరూ రెండు రూల్స్ రాసి, రాయాల్సిన మూడోది వదిలేస్తున్నారు.

ఒక టికెట్ తీసుకుందాం. తక్‌పట్టీలో హమాలీ కూలి రెండుసార్లు పడుతోందని ఒక కొట్టు గుమాస్తా రాశాడు. మీవాళ్లు బిల్లు ఫొటో అడిగి, సోమవారం ఉదయం 11 గంటలకు పెండింగ్‌లో పెట్టారు. గురువారం 11 దాటాక హెచ్చరిక వెళ్లింది. అదే మెయిల్ గంటగంటకూ పోకుండా రూల్ ఆ టికెట్‌కు `pending_warned` అనే ట్యాగ్ తగిలించింది. మధ్యాహ్నం గుమాస్తా ఫొటో పంపాడు, టికెట్ ఓపెన్ అయింది. ట్యాగ్ మాత్రం అక్కడే ఉండిపోయింది. శుక్రవారం సాయంత్రం 4 గంటలకు మీవాళ్లు ఏ వెర్షన్ వాడుతున్నారని అడిగి మళ్లీ పెండింగ్‌లో పెట్టారు. సోమవారం సాయంత్రానికి 72 గంటలు నిండినా, ట్యాగ్ ఉంది కాబట్టి హెచ్చరిక రూల్ ఈ టికెట్‌ను దాటేసింది. బుధవారం సాయంత్రం క్లోజ్ రూల్ వచ్చి చూసింది. పెండింగ్, ట్యాగ్, 120 గంటలు, మూడూ సరిపోయాయి. మూసేసింది. గుమాస్తా గొడవ పడడంలో తప్పేముంది?

మీ దగ్గర జరుగుతున్నది ఇదేనా అని తెలుసుకోవడం సులువు. గొడవ వచ్చిన టికెట్ చరిత్ర తెరిచి, ట్యాగ్ పడిన తేదీని, చివరిసారి పెండింగ్‌లోకి వెళ్లిన తేదీతో పోల్చండి. ట్యాగ్ తేదీ ముందుంటే జబ్బు ఇదే. మందు రెండు లైన్లు:

```
When: Status changed from Pending
Do: Remove tag pending_warned
```

దీన్ని గంటకోసారి నడిచే ఆటోమేషన్లలో కాకుండా, టికెట్ మారిన క్షణంలోనే నడిచే ట్రిగ్గర్లలో పెట్టండి. గుమాస్తా జవాబిచ్చిన పది నిమిషాలకే మీవాళ్లు మళ్లీ పెండింగ్‌లో పెడితే, గంటకోసారి తిరిగే రూల్‌కు ఆ మార్పు కనపడదు.

ఆగండి, ఇది పెట్టేసి పాత ట్యాగులన్నీ ఒకేసారి తీసేయకండి. రెండు నెలలుగా పెండింగ్‌లో పడున్న టికెట్‌కు ట్యాగ్ తీస్తే వచ్చే గంటలో హెచ్చరిక వెళ్తుంది, ట్యాగ్ మళ్లీ పడుతుంది. ఆ పై గంటలో క్లోజ్ రూల్ లెక్క చూస్తే 120 ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. అంటే హెచ్చరికకూ మూతకూ మధ్య గంటే గడువు. అసలు క్లోజ్ రూల్ గడియారాన్ని పెండింగ్ నుంచి లెక్కపెట్టడమే పొరపాటు. చాలా టూల్స్‌లో ట్యాగ్ పడడం కూడా టికెట్‌లో అప్‌డేట్ కిందే లెక్క. కాబట్టి పెండింగ్‌లో ఉండి, ట్యాగ్ ఉండి, చివరి అప్‌డేట్ జరిగి 48 గంటలు దాటితే మూసేయమని రాయండి. అప్పుడు ఎంత పాత టికెట్‌కైనా హెచ్చరిక తర్వాత రెండు రోజులు దొరుకుతాయి. మధ్యలో మీవాళ్లెవరైనా నోట్ రాస్తే గడువు ఇంకొంచెం పెరుగుతుంది, దానివల్ల నష్టం లేదు. మీ టూల్ కూడా ఇలాగే లెక్కపెడుతుందో లేదో ఒక టెస్ట్ టికెట్ మీద చూసుకున్నాకే అందరికీ ఆన్ చేయండి.

ఇక గంటల సంగతి. భోగి బుధవారం వచ్చిందనుకోండి. మంగళవారం సాయంత్రం 5 గంటలకు పెండింగ్‌లో పెట్టిన టికెట్‌కు కనుమ రోజు సాయంత్రం హెచ్చరిక వెళ్తుంది, ఆదివారం సాయంత్రం మూతపడుతుంది. గుమాస్తా సోమవారం కొట్టు తెరిచి చూస్తే రెండు మెయిళ్లూ ఒకదాని మీద ఒకటి ఉంటాయి. అందుకని పనిగంటల లెక్కకు మారండి. మారేటప్పుడు అంకెలు కూడా మార్చాలన్నది చాలామంది మర్చిపోతున్నారు. రోజుకు 8 గంటల ఆఫీసులో 72 పనిగంటలంటే తొమ్మిది పనిదినాలు. మీకు కావలసింది 24, ఆ తర్వాత 16. శని, ఆదివారాలతో పాటు పండగలు, యార్డు ఎండాకాలం సెలవులు కూడా క్యాలెండర్‌లో ఎక్కించకపోతే ఈ మార్పు వల్ల ఒరిగేదేమీ లేదు.

నాకు అసలు టెన్షన్ పెడుతున్నది వేరే ఉంది. ‘నా లాగిన్ ఎవరో వాడుతున్నారు’, ‘నేను మార్చకుండానే పాస్‌వర్డ్ మారిపోయింది’ అనే టికెట్లు కూడా మీ దగ్గర ఇదే వరుసలో ఉంటాయి. అలాంటి ఫిర్యాదు వచ్చినప్పుడు ఆ కొట్టు మెయిల్ బాక్స్ కూడా దొంగ చేతిలోనే ఉండొచ్చు. మీరడిగిన ప్రశ్న చదివేది వాడే, హెచ్చరిక చదివేదీ వాడే. వాడు ఏమీ చేయనక్కర్లేదు, ఊరుకుంటే చాలు, ఫిర్యాదును మీ రూలే పూడ్చిపెడుతుంది. పాపం అసలు మనిషేమో మీవాళ్లు చూస్తున్నారులే అని కూర్చుంటాడు. లాగిన్, పాస్‌వర్డ్, డబ్బు తేడా అన్న టికెట్లకు వేరే ట్యాగ్ పెట్టి, హెచ్చరిక, క్లోజ్ రూల్స్ రెండింటి నుంచీ తప్పించండి. వాటిని మూసేముందు ఒక మనిషి ఫోన్ చేయాలి, అదీ టికెట్‌లో కొత్తగా ఇచ్చిన నంబర్‌కు కాదు, సాఫ్ట్‌వేర్ కొన్న రోజున మీ దగ్గర రాసుకున్న నంబర్‌కు.

హెచ్చరిక మెయిల్‌లో ‘మూసేయడానికి ఇక్కడ నొక్కండి’ అనే లింకు కూడా వద్దు. మెయిల్ వచ్చిన వెంటనే అందులో లింకులను ముందుగా తెరిచి పరీక్షించే ఫిల్టర్లు చాలా ఆఫీసుల్లో ఉంటాయి. ఒక్క నొక్కుతో పని జరిగిపోయే లింకైతే మనిషి చూడకముందే టికెట్ మూతపడుతుంది. పైగా తొందరపెట్టే మెయిల్ రాగానే లింకు నొక్కడం మీరే కస్టమర్లకు అలవాటు చేసినట్టవుతుంది, రేపు దొంగ మెయిల్ కూడా అచ్చం ఇలాగే వస్తుంది. టికెట్ నంబర్, మీరు చివరగా అడిగిన ప్రశ్న, ఏ తేదీన మూతపడుతుందో, ‘ఈ మెయిల్‌కే రిప్లై ఇవ్వండి’ అన్న మాట, ఇవి చాలు. మూసేటప్పుడు కూడా నేరుగా క్లోజ్డ్ పెట్టకుండా సాల్వ్‌డ్ పెట్టండి. ఆలస్యంగా రిప్లై ఇచ్చినా అదే టికెట్ తెరుచుకుంటుంది. క్లోజ్డ్ అయిపోతే చాలా టూల్స్‌లో కొత్త టికెట్ పుడుతుంది, గుమాస్తా కథంతా మొదటినుంచీ చెప్పుకోవాలి.

ఇక మీరు అడగకపోయినా ఒక మాట. పెండింగ్ అంటే కస్టమర్ జవాబు కోసం ఆగడం. చాలాచోట్ల అది సపోర్ట్ వాళ్లు దాక్కునే చోటైపోయింది, ఎందుకంటే పెండింగ్‌లో పెట్టగానే వాళ్ల గడువు గడియారం ఆగుతుంది. ‘చూసి చెప్తాం’ అని రాసి పెండింగ్‌లో పెడతారు. అయిదు రోజులయ్యాక, మీరు జవాబివ్వలేదు కాబట్టి మూసేస్తున్నాం అని కస్టమర్‌కు మెయిల్! ఆయన దేనికి జవాబివ్వాలి? ప్రింటర్ కంపెనీ నుంచో, మీ డెవలపర్ నుంచో రావాల్సి ఉంటే దానికి హోల్డ్ అనే స్టేటస్ ఉంది, దాని జోలికి ఈ రూల్స్ రాకూడదు. వారానికోసారి ఆటోమేటిక్‌గా మూతపడ్డ టికెట్లలో కొన్ని తెరిచి, మీవాళ్ల చివరి మెసేజ్‌లో కస్టమర్‌ను అడిగిన ప్రశ్న అసలు ఉందో లేదో చూడండి. లేని వాటిని తిరిగి తెరిచి, పెండింగ్‌లో పెట్టినవాళ్లకే అప్పగించండి.