పాత చీర అమ్మేముందు చేత్తో చూడాల్సినవి

ప్రశ్న: మా అత్తయ్య గారి మంగళగిరి పట్టు చీర ఆన్‌లైన్‌లో అమ్ముదామనుకుంటున్నాను. అమ్మడం ఇదే మొదటిసారి. డిస్క్రిప్షన్‌లో ఏం రాయాలి? మేము గుంటూరులో ఉంటాం.

జవాబు:

రాయడం తర్వాత చూద్దాం, ముందు చీరను పట్టుకుని ఒక పూట కూర్చోండి. నేను విజయవాడలో పాత చేనేత చీరలు అమ్ముతుంటాను. కొన్నవాళ్లతో వచ్చే పేచీలు చాలావరకు రెండు మాటల దగ్గరే మొదలవుతాయి. ఒకటి ‘పట్టు’, రెండోది ‘బాగుంది’. ఈ రెంటినీ రుజువు చేసుకోకుండా రాయకూడదు.

ఈ మధ్య మా వీధిలో పిన్నిగారు ఒకావిడ నాకో చీర ఇచ్చారు. ముదురు ఆకుపచ్చ, కొంగులో జరీ గీతలు, మెరూన్ అంచు. “మంగళగిరి పట్టమ్మా, నా పెళ్లయిన కొత్తలో కొన్నది” అన్నారు. మీ చీర పరిస్థితీ ఇంచుమించు ఇదే కాబట్టి దాన్నెలా చూశానో చెబుతాను.

మొదట పొద్దుటి వెలుతురులో, ఎండ నేరుగా పడని వసారాలో పరిచాను. ట్యూబ్‌లైటు కింద రంగు పేరు రాయొద్దు, ఆకుపచ్చ నీలంగా కనబడొచ్చు. చీరను ఇస్త్రీ చేయించలేదు. చేయిస్తే మడతల జాడ పోతుంది, మనకు కావాల్సిన సాక్ష్యం అదే. పాత పట్టు ముందుగా బలహీనపడేది మడత గీత మీదే. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉంటే అక్కడ పోగులు విరుగుతాయి, జరీ నలుపెక్కుతుంది. అందుకే ప్రతి మడత గీతకూ అటూ ఇటూ రెండు చేతులతో పట్టుకుని మెల్లగా లాగి చూడాలి. పోగులు పక్కకు జరిగి సందు కనిపిస్తే నేత అక్కడ నీరసించింది. తర్వాత కిటికీకి అడ్డంగా పట్టుకుని అరగజం చొప్పున జరుపుతూ వెళ్తే చిల్లులు, పాత రఫ్ఫు చుక్కలు వెలుతురులో తేలతాయి. పిన్నిగారి చీరలో భుజం దగ్గర పిన్నీసు గుచ్చిన చిన్న చిల్లులు మూడు, ఒక చోట తుప్పు మరక దొరికాయి.

చాలామంది చూడని చోటు ఒకటుంది. ఫాల్ కుట్టి ఉంటే ఒక మూల నాలుగు కుట్లు విప్పి లోపల చూడండి. అక్కడ వెలుతురు తగలదు కనుక అసలు రంగు మిగిలి ఉంటుంది. బయటి రంగును దానితో పోలిస్తే ఎంత వెలిసిందో తెలుస్తుంది. ఈ చీర కొద్దిగానే వెలిసింది. రంగు దిగుతుందేమో చూడ్డానికి తడిపిన తెల్ల గుడ్డను అంచు లోపలి వైపు అరనిమిషం అదిమి పట్టాను. లేత మెరూన్ అంటింది. ఆ సంగతి డిస్క్రిప్షన్‌లో రాయకపోతే కొన్నావిడ చీర మొదటి ఉతుకులోనే పాడవుతుంది.

ఇక ‘పట్టు’ సంగతి. మంగళగిరిలో నూలు చీరలు నేస్తారు, పట్టు-నూలు కలిపీ నేస్తారు. అందువల్ల ఒక్క పోగు కాల్చి పట్టు అని తేల్చేయడం సరికాదు. నిలువుగా పోయే పడుగు ఒకటి, అడ్డంగా నేసే పేక ఒకటి, రెండూ విడివిడిగా చూడాలి. జాకెట్టు ముక్క కోసిన అంచు దగ్గర అడ్డంగా ఉన్న పోగును సూదితో లాగితే అది పేక. పేక పోగులు కొన్ని తీశాక కుచ్చులా బయటికొచ్చేవి పడుగు పోగులు. రెంటిలోనూ నాలుగైదు పోగులు తీసుకుని విడివిడిగా పురిపెట్టి, పట్టకారుతో పట్టుకుని, స్టీలు పళ్లెం మీద కాల్చండి. చీరను దూరంగా పెట్టి, ఆరుబయట చేయండి.

పట్టు అయితే మంటనుంచి ముడుచుకుంటూ నెమ్మదిగా కాలుతుంది. వెంట్రుక కాలిన వాసన వస్తుంది, చివర మిగిలిన నల్లని పూస వేళ్ల మధ్య నలిపితే పొడవుతుంది. నూలు గబగబా అంటుకుని కాగితం కాలిన వాసన వేసి మెత్తటి బూడిద మిగులుస్తుంది. పాలిస్టర్ కరిగి, నలగని గట్టి పూస అవుతుంది. ఈ పరీక్షకూ హద్దు ఉంది. రేయాన్ పోగు పట్టులా మెరుస్తుంది గానీ నూలులాగే కాలుతుంది. ఆ రెంటిలో ఏదో ఇంట్లో తేల్చలేం. పిన్నిగారి చీరలో పడుగు వెంట్రుక వాసన వేసింది, పేక కాగితం వాసన. అంటే అది పట్టు-నూలు. ఆమె అబద్ధం చెప్పలేదు, ఇళ్లలో అలాంటి చీరను పట్టు అనే అంటారు. కొనేవాళ్లకు మాత్రం ఆ తేడాకు తగ్గట్టే ధర ఉంటుంది.

జరీ కూడా ఒక పోగు లాగి చూడాలి. కాల్చినప్పుడు లోపలి దారం పోయి సన్నని లోహపు రేకు మిగిలితే లోహపు జరీ. మొత్తం ముడుచుకుని కరిగితే ప్లాస్టిక్ జరీ. లోహపు జరీ అయినంత మాత్రాన వెండి కాదు, రాగి మీద పూత కావచ్చు. గోటితో గీరితే ఎర్రగా కనబడితే రాగి అనుకోవచ్చు. పరీక్ష చేయించకుండా ‘వెండి జరీ’ అన్న మాట రాయవద్దు.

కొలతలకు చీరను నేల మీద సాగదీయకుండా పరిచి టేపు పెట్టండి. పొడవు చీరకూ జాకెట్టు ముక్కకూ వేరువేరుగా, పన్నా మూడు చోట్ల. ఇందులో చీర 5.4 మీటర్లు, జాకెట్టు ముక్క 78 సెంటీమీటర్లు, పన్నా 1.14 మీటర్లు. అంచు చివర చిన్న సూదిరంధ్రాల వరస కనిపించింది, మగ్గం మీద గుడ్డను అడ్డంగా బిగించే బద్ద చేసే గుర్తు అది. పవర్‌లూమ్ గుడ్డలోనూ ఇలాంటివి ఉంటాయి కాబట్టి వీటిని బట్టే చేనేత అని ఖాయం చేయలేం.

మంగళగిరి అన్న పేరుకు కూడా ఆధారం కావాలి. ఆ చీరలకు భౌగోళిక గుర్తింపు ఉంది, అంటే ఆ పేరు ఆ ప్రాంతపు నేతకే చెందుతుంది. బిల్లుగానీ సొసైటీ లేబులుగానీ ఉంటే ఫొటో తీయండి, లేకపోతే ‘మంగళగిరిదని ఇంటివాళ్లు చెప్పారు’ అని రాయండి. అత్తయ్య గారినే కూర్చోబెట్టి ఎక్కడ కొన్నారు, ఎన్నిసార్లు కట్టారు, ఇంట్లో ఉతికారా డ్రైక్లీనింగా, కలరా ఉండలు వేశారా అని అడగండి. నా నోటుబుక్కులో రెండు కాలమ్‌లు ఉంటాయి. ఎడమవైపు నేను చూసింది, కుడివైపు వాళ్లు చెప్పింది. ఇవి ఒకదానిలో ఒకటి కలవకూడదు.

చివరికి పిన్నిగారి చీరకు రాసింది ఇది: “ముదురు ఆకుపచ్చ, మెరూన్ అంచు, కొంగులో జరీ గీతలు. పడుగు పట్టు, పేక నూలు (పోగు కాల్చి చూశాం). లోహపు జరీ, వెండి అని పరీక్షించలేదు. చీర 5.4 మీ., జాకెట్టు ముక్క 78 సెం.మీ., పన్నా 1.14 మీ. భుజం దగ్గర మూడు పిన్నీసు చిల్లులు, ఒక తుప్పు మరక, ఫొటో ఉంది. కొద్దిగా వెలిసింది. మడతల దగ్గర జరీ నల్లబడింది, నేత గట్టిగానే ఉంది. అంచు రంగు కొద్దిగా దిగుతుంది, మొదటిసారి విడిగా తడపండి. మంగళగిరిదని ఇంటివాళ్లు చెప్పారు, బిల్లు లేదు.”

లోపాల ఫొటోలు తీసేటప్పుడు పక్కన టేపు కనబడేలా పెట్టండి, మరక ఎంత పెద్దదో అడగాల్సిన పని ఉండదు. కాల్చగా మిగిలిన పోగులు పడుగు, పేక, జరీ అని పేర్లు రాసిన కాగితానికి అంటించి దాచుకోండి. కొనే ఆవిడ “నిజంగా పట్టేనా?” అని అడిగితే ఆ కాగితం ఫొటో పంపొచ్చు.