సంతకం ఒకచోట, ఇంటర్వ్యూ ఇంకోచోట: మధ్యలో తప్పుకోవడం ఎలా?

సందేహం: అన్నా, నమస్తే. అమెరికాలో, డెంటన్‌లో మాస్టర్స్ పూర్తి చేసి, చదువయ్యాక పనిచేసుకోవడానికి ఇచ్చే ఓపీటీ అనుమతి మీద ఉన్నాను. సోమవారం ప్లేనోలో ఒక కంపెనీ ఆఫర్ ఇస్తే సంతకం పెట్టి పంపించేశాను. ఇంకో పెద్ద కంపెనీలో ఈ గురువారం ఫైనల్ రౌండ్ ఉంది, నలుగురితో వరసగా. అక్కడ రిఫర్ చేసింది మా కాలేజీ సీనియరే. ఇప్పుడు రానని చెప్పాలంటే టెన్షన్‌గా ఉంది. ఒక రూమ్మేట్ "ఏం చెప్పకు, వాళ్లే వదిలేస్తారు" అంటున్నాడు. ఇంకొకడు "ఇంటర్వ్యూ ఇచ్చెయ్, వస్తే అప్పుడు చూద్దాం" అంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

జవాబు: తమ్ముడూ, ఇద్దరి మాటా పక్కన పెట్టు. గురువారం దాకా ఆగకుండా చెప్పెయ్యాలి. కానీ అవతలివాళ్లకి మెయిల్ కొట్టే ముందు ప్లేనో వాళ్ల ఆఫర్ లెటర్ ఒకసారి తీసి, నింపాదిగా మళ్లీ చదువు. రెండో తలుపు మూసేముందు మొదటిది నిజంగా తెరుచుకుందో లేదో చూసుకోవాలి కదా.

ఇక్కడి ఆఫర్ లెటర్లలో దాదాపు అన్నిట్లోనూ, ఈ ఆఫర్ ఫలానా షరతులకు లోబడి ఉంటుంది అని ఒక పేరా ఉంటుంది. బ్యాక్‌గ్రౌండ్ చెక్, అమెరికాలో పనిచేసే అర్హత ఉందని చూపే కాగితాలు, కొన్నిచోట్ల డ్రగ్ టెస్ట్. నీ రెజ్యూమెలో ఉన్న డిగ్రీలు, తేదీలు, ఇండియాలో చేసిన ఉద్యోగం అన్నీ ఉన్నవి ఉన్నట్టే రాసి ఉంటే బ్యాక్‌గ్రౌండ్ చెక్ గురించి భయపడాల్సింది లేదు, కొన్నాళ్లు పడుతుంది అంతే. ఎవరో కన్సల్టెన్సీ వాళ్లు లేని ఎక్స్‌పీరియన్స్ కలిపి రాసి ఉంటే మాత్రం నీ అసలు సమస్య గురువారం ఇంటర్వ్యూ కాదు. అది ఈ జవాబులో తేలేది కూడా కాదు.

ఓపీటీ వాళ్లు తప్పకుండా చూసుకోవాల్సింది చేరే తేదీ. చాలామంది సంతకం పెట్టగానే నిరుద్యోగపు రోజుల లెక్క ఆగిపోయిందనుకుంటారు. ఆగదు. ఓపీటీలో ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులకు మించి ఉండకూడదన్న సంగతి నీకు తెలిసిందే. ఆ లెక్క నువ్వు పనిలో చేరిన రోజున ఆగుతుంది, ఆఫర్ వచ్చిన రోజున కాదు. నీ పని అనుమతి కార్డు ఈఏడీ మీద మొదలయ్యే తేదీ నుంచి ఇప్పటికి 61 రోజులు అయ్యాయనుకుందాం. చేరే తేదీ మూడు వారాల తర్వాత అయితే 82 అవుతాయి, చేతిలో మిగిలేవి 8. బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఆలస్యమైందని ఇంకో రెండు వారాలు జరిపితే 96, గీత దాటేసినట్టే. నీ పరిస్థితి ఇలా అంచు మీద ఉంటే ప్లేనో కంపెనీ హెచ్ఆర్‌కి ఈ రోజే మెయిల్ చెయ్యి: చేరే తేదీ ఖాయమేనా, చెక్ ఆలస్యమైతే ఏం చేస్తారు అని. నీ వీసా లెక్క దాచాల్సిన పని లేదు, వాళ్లు ఇలాంటివి చూస్తూనే ఉంటారు. అదే సమయంలో యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే డీఎస్ఓతో కూడా మాట్లాడు. నీ చదువుకు సంబంధించిన పని వారానికి కనీసం 20 గంటలు, జీతం లేకుండా చేసినా మామూలు ఓపీటీలో ఉద్యోగం కింద లెక్కకు వచ్చే వీలుంది. ఎక్కడ, ఎలా చేస్తే చెల్లుతుందో డీఎస్ఓ దగ్గరే తేల్చుకో.

ఇంకొకటి, ఉద్యోగుల పని అర్హతను ప్రభుత్వ రికార్డులతో సరిచూసే ఈ-వెరిఫైలో ఆ కంపెనీ ఉందా లేదా. మొదటి ఏడాది ఓపీటీకి అది అక్కర్లేదు. సైన్స్, టెక్నాలజీ లాంటి డిగ్రీలవాళ్లకి ఇచ్చే 24 నెలల స్టెమ్ పొడిగింపుకి తప్పనిసరి. నీ శిక్షణ ప్రణాళిక రాసే ఐ-983 ఫారం మీద కూడా వాళ్లు సంతకం పెట్టాలి. ఈ-వెరిఫై వెబ్‌సైట్‌లో కంపెనీ పేరు కొట్టి వెతకొచ్చు, రెండు నిమిషాల పని. నిజానికి ఇవన్నీ సంతకానికి ముందే అడగాల్సినవి. సరే, ఇప్పుడైనా అడుగు.

వీటిలో ఏదో ఒకటి తేలకుండా ఉంటే గురువారం ఇంటర్వ్యూని ఒక వారం వెనక్కి జరపమని అడగొచ్చు, అందులో తప్పేం లేదు. కారణంగా కట్టుకథ చెప్పకు, ఈ వారం వీలుపడటం లేదు అంటే చాలు. అన్నీ సవ్యంగా ఉంటే మాత్రం ఇక జరపడాలు వద్దు. ఎటూ చేరని ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఇస్తే నలుగురు ఇంజనీర్లు తలో గంట కేటాయించుకుని, నీ రెజ్యూమె చదువుకుని, అయిపోయాక నీ మీద ఫీడ్‌బ్యాక్ కూడా రాయాలి. ఆ తర్వాత నువ్వు అసలు రావని తెలిస్తే ఆ చిరాకు నీ పేరుతోపాటు నీ సీనియర్ పేరుకీ అంటుకుంటుంది.

అందుకే మొట్టమొదట చెప్పాల్సింది అతనికే. మెసేజ్ కాదు, ఫోన్ చెయ్యి. "అన్నా, ప్లేనోలో ఆఫర్ తీసుకున్నాను, ఇంకో గంటలో మీ రిక్రూటర్‌కి మెయిల్ పెడుతున్నాను, మీకు ముందు నా నోటితో చెప్దామని చేశాను" అను. చాలా కంపెనీల్లో రిఫరల్ బోనస్ మనిషి చేరాకే, అదీ కొన్నాళ్లు ఉన్నాకే వస్తుంది కాబట్టి అతనికి కొంచెం చివుక్కుమనొచ్చు. పర్లేదు. రిక్రూటర్ చాట్‌లో "మీ క్యాండిడేట్ తప్పుకున్నాడు, తెలుసా?" అని అడిగినప్పుడు అతను తెల్లమొహం వేసే పరిస్థితి రాకూడదు, అంతే. అలాగని రెండు రోజుల ముందూ చెప్పకు. నచ్చజెప్పడానికో, లోపల ఎవరితోనో మాట్లాడి చూడటానికో అతనికి టైమ్ ఇచ్చినట్టవుతుంది.

ఆ తర్వాత రిక్రూటర్‌కి. హైరింగ్ మేనేజర్‌కి కాదు, ప్యానెల్లో ఉన్నవాళ్లకి లింక్డిన్‌లో కాదు. క్యాలెండర్ ఆహ్వానాన్ని డిక్లైన్ కొట్టి ఊరుకుంటే అసలు కుదరదు, టైమ్ కుదరలేదేమో అనుకుని ఇంకో స్లాట్ పంపిస్తారు. ఇంటర్వ్యూ టైమ్ ఖరారు చేసిన మెయిల్ ఉంటుంది కదా, దానికే రిప్లై ఇవ్వు. కొత్త మెయిల్ మొదలుపెడితే అది ఎవరి గురించో వెతుక్కోవాల్సి వస్తుంది. ఆ రిక్రూటర్‌తో ఇప్పటికే రెండు మూడుసార్లు ఫోన్లో మాట్లాడి ఉంటే ముందు ఫోన్ చేసి, తర్వాత మెయిల్ పెట్టడం మర్యాద. ఎత్తకపోతే వాయిస్ మెయిల్‌తో సరిపెట్టకు, మెయిల్ పోవాల్సిందే. బుధవారం పొద్దున్నే పంపినా పర్లేదు కానీ మంగళవారమే పంపితే మేలు. ఆ స్లాట్లలో ఇంకెవరినైనా కూర్చోబెట్టుకునే వీలు వాళ్లకి ఉంటుంది.

మెయిల్‌లో నాలుగు వాక్యాలు చాలు. మొదట పొజిషన్ పేరు, దాని రిక్విజిషన్ నంబర్. ఆ రిక్రూటర్ చేతిలో నువ్వొక్కడివే లేవు. రెండోది, నేను వేరే ఆఫర్‌ని అంగీకరించాను, అందుకని ఈ ప్రాసెస్ నుంచి తప్పుకుంటున్నాను అని. మూడోది, గురువారం ఇంటర్వ్యూలు రద్దు చెయ్యమని, తేదీతో సహా. చివరిది థాంక్స్, అదీ ఏదో ఒక ఫలానా విషయానికి. ఉదాహరణకి, మొదటి రౌండ్‌లో టీమ్ పని గురించి మేనేజర్ విడమరిచి చెప్పారు కదా, దానికి. అక్కడితో సంతకం పెట్టేసెయ్. మనవాళ్లకి ఉన్న అలవాటు మొదట్లో ఒక సారీ, మధ్యలో ఒక సారీ, చివర్లో ఇంకోటి. ఒక్కటి చాలు, అసలు లేకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు.

ఆ రెండో వాక్యాన్నే జాగ్రత్తగా రాయాలి. చాలామంది కటువుగా ఉంటుందేమోనని "వేరే ఆఫర్ ఆలోచిస్తున్నాను", "ప్రస్తుతానికి ముందుకు వెళ్లలేకపోతున్నాను" అని మెత్తగా రాస్తారు. రిక్రూటర్ కంటికి అది మర్యాదగా కనబడదు, బేరంలా కనబడుతుంది. అరగంటలో ఫోన్ వస్తుంది: ఎంత ఇస్తున్నారు, మేం కూడా చూస్తాం, ప్రాసెస్ తొందరగా ముగిస్తాం అని. అప్పుడు నువ్వు నీళ్లు నములుతావు. అంగీకరించాను అని, అయిపోయిన పనిగా రాస్తే ఆ ఫోన్ రాదు. వచ్చినా ఒక్క నిమిషంలో తేలిపోతుంది.

ఒకవేళ వచ్చి, ఎక్కడ చేరుతున్నావు, జీతమెంత అని అడిగితే చెప్పి తీరాలని ఏమీ లేదు. చేరాక లింక్డిన్‌లో పెడతాను అని నవ్వుతూ దాటెయ్. ఇదే ఉద్యోగానికి మేం ఇంకో ఇరవై వేలు ఎక్కువిస్తే మారతావా అని అడిగితే, మాట ఇచ్చేశాను అని చెప్పు. నిజంగానే మనసు అటు లాగుతుంటే, దానికి సరైన సమయం సంతకానికి ముందే అయిపోయింది. ప్లేనో ఆఫర్ చేతికి రాగానే పెద్ద కంపెనీ రిక్రూటర్‌కి "ఫలానా తేదీలోగా జవాబివ్వాలి, ఫైనల్ రౌండ్ ముందుకు జరపగలరా" అని అడిగి ఉండాల్సింది. వాళ్లు చాలాసార్లు జరుపుతారు కూడా.

ఇంట్లో బాగోలేదని, ఇండియా వెళ్తున్నానని చెప్పి తప్పుకునేవాళ్లూ ఉన్నారు. మూడు వారాల్లో లింక్డిన్‌లో కొత్త ఉద్యోగం ఫొటో పెడతారు, కింద మొదటి లైక్ ఆ రిక్రూటర్‌దే. ఉద్యోగం దొరికిందనడం ఇక్కడ ఎవరూ తప్పు పట్టని కారణం, దాన్ని దాచి అబద్ధం వెతుక్కోవడం ఎందుకో నాకు అర్థం కాదు.

మెయిల్ వెళ్లాక, వాళ్ల కెరీర్ పోర్టల్‌లో నీ అకౌంట్‌లోకి వెళ్లి ఆ అప్లికేషన్‌ని కూడా వెనక్కి తీసుకో. వర్క్‌డే వాడే కంపెనీల్లో ఆ పని చేసే బటన్ Withdraw Application అని కనబడుతుంది. అదే కంపెనీలో ఇంకో రెండు పొజిషన్లకి కూడా అప్లై చేసి ఉంటే వాటినీ చూసుకో, లేకపోతే వచ్చే నెల ఇంకో రిక్రూటర్ ఫోన్ చేస్తాడు. కానీ ముందు బటన్, తర్వాత మెయిల్ మాత్రం వద్దు. నీతో మూడు వారాలు మాట్లాడిన మనిషికి ఆ సంగతి స్క్రీన్ మీద స్టేటస్ చూసి తెలియకూడదు.

నీది డైరెక్ట్ ప్రాసెస్ కాబట్టి సరిపోయింది. క్లయింట్ కంపెనీకి మనుషుల్ని పంపే వెండర్ మధ్యలో ఉన్నవాళ్లకి ఒక మాట: క్లయింట్‌కి నేరుగా రాయకండి, వెండర్‌కే మెయిల్ పెట్టి "క్లయింట్‌కి చెప్పినట్టు నాకు రిప్లై ఇవ్వండి" అని అడగండి. కొందరు చెప్పకుండా నాన్చుతారు, అప్పుడు క్లయింట్ దగ్గర మీ పేరు పక్కన ఇంటర్వ్యూకి రాలేదని పడుతుంది. "ఊరికే అటెండ్ అవ్వు, సెలెక్ట్ అయితే నీ బదులు ఇంకొకర్ని పంపిస్తాం" అనే వెండర్ తగిలితే ఆ ఫోన్ అక్కడే పెట్టెయ్యండి.

రిక్రూటర్ నుంచి రెండు లైన్ల రిప్లై వస్తుంది, కంగ్రాట్స్, టచ్‌లో ఉండు అని. ఒక థాంక్స్‌తో ముగించు. లింక్డిన్ అప్‌డేట్ ప్లేనోలో చేరాకే పెట్టు, చేరకముందు వద్దు. చేరిన పది రోజుల్లోగా, ఓపీటీ వాళ్లు తమ ఉద్యోగ వివరాలు ప్రభుత్వానికి తెలిపే ఎస్ఈవీపీ పోర్టల్‌లో కంపెనీ వివరాలు, చేరిన తేదీ నమోదు చెయ్యడం మర్చిపోకు.